ఫటిక్ ఎదురుచూసిన సెలవు

1891 జూన్ నెల. కుటుంబ ఎస్టేటు లెక్కలు చూసుకోవడానికి కలకత్తా నుంచి షాజాద్‌పూర్ వచ్చిన ముప్పై ఏళ్ళ రవీంద్రనాథ్ ఠాగూర్‌కి నది ఒడ్డున ఒక దృశ్యం కనబడింది. పడవకి తెరచాప కట్టే పెద్ద కొయ్య స్తంభం ఒకటి నేలమీద పడి ఉంది. ఊళ్ళో పిల్లలు గుంపుగా చేరి దాన్ని కేకలేస్తూ దొర్లిస్తున్నారు. ఆట మంచి రంజు మీద ఉండగా ఒక చిన్నపిల్ల వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా, ఆ కొయ్యమీద తీరిగ్గా కూర్చుంది. లెమ్మంటే లేవదు. పిల్లల నాయకుడికి పాలుపోలేదు. ఈ ముచ్చటంతా ఠాగూర్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

ఏడాదిన్నర తర్వాత, 1892 చివర్లో, 'సాధన' పత్రికలో ఆయన కథ ఒకటి అచ్చయింది. పేరు 'ఛుటి'. అంటే సెలవు. మొదటి పేరాలోనే ఆ నది ఒడ్డు, ఆ కొయ్య, ఆ పిల్లల గుంపు ఉన్నాయి. చిన్నపిల్ల స్థానంలో మాఖన్ అనే చిన్న పిల్లవాడు వచ్చాడు. పేరులేని నాయకుడికి ఒక పేరు వచ్చింది, ఫటిక్ చక్రవర్తి. మాఖన్‌కి అన్నయ్య. నది ఒడ్డున సరదాగా మొదలైన కథ పది పేజీలు తిరిగేసరికి కలకత్తాలో ఒక మేడగదిలో, జ్వరంతో కాలిపోతున్న కుర్రాడి మంచం దగ్గర ముగుస్తుంది. షాజాద్‌పూర్ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. కథ మాత్రం ఇతర భారతీయ భాషల్లోకీ వెళ్ళింది.

ఈ కథని సాధారణంగా 'తల్లికి దూరమైన పిల్లవాడి విషాదం' అని చెప్పి వదిలేస్తారు. అది అబద్ధం కాదు. కానీ కథని ఇంకొంచెం నింపాదిగా చదివితే, ఠాగూర్ ఇందులో రెండు వేరువేరు స్థితుల్ని పక్కపక్కన పెట్టాడని తెలుస్తుంది. ఒకటి, చుట్టూ ఎవరూ లేకుండా ఉండడం. రెండోది, చుట్టూ అందరూ ఉన్నా ఎవరూ లేనట్టు ఉండడం. మొదటిదాన్ని ఫటిక్ పల్లెలో అనుభవించాడు. రెండోదాన్ని పట్నంలో నేర్చుకున్నాడు.

పల్లె సంగతి ముందు చూద్దాం. కొయ్యమీద కూర్చున్న తమ్ముణ్ణి కొయ్యతోపాటే దొర్లించమని ఫటిక్ ఆజ్ఞ ఇస్తాడు. మాఖన్ కిందపడి, లేచి, అన్న మొహం రక్కేసి ఏడ్చుకుంటూ ఇంటికి పోతాడు. ఆట చెడిపోయింది. మిగతా పిల్లలు ఎటువాళ్ళటు పోయారు. ఫటిక్ వెళ్ళి సగం మునిగిన ఒక పాత పడవ అంచున కూర్చుని, నాలుగు రెల్లుకాడలు పీకి వాటి మొదళ్ళు నముల్తూ ఉంటాడు. అప్పుడే ఒడ్డుకి పరాయి పడవ ఒకటి వస్తుంది. అందులోంచి నెరిసిన జుట్టు, నల్లని మీసాల పెద్దమనిషి దిగి, చక్రవర్తుల ఇల్లెక్కడ బాబూ అని అడుగుతాడు. ఆ ఇల్లు తనదే. అయినా వీడు గడ్డిపుల్ల నోట్లోంచి తియ్యకుండా, అదుగో అటు, అని చెయ్యి ఎటో ఊపేస్తాడు. ఆ చెయ్యి ఏ దిక్కు చూపించిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

ఆ క్షణంలో ఫటిక్ పక్కన ఒక్క మనిషి లేడు. తమ్ముడితో గొడవైంది, నేస్తాలు వెళ్ళిపోయారు, ఇంటికెళ్తే దెబ్బలు తప్పవు. అయినా వాడి మీద ఎవరికీ జాలి వెయ్యదు. పైగా ఆ పడవ అంచు, ఆ రెల్లుకాడ, ఆ ఎండ చూస్తే కాస్త అసూయ కూడా వేస్తుంది. అలా ఒక్కడే కూర్చోవడం వాడికి శిక్ష కాదు, హక్కు. తర్వాత పట్నంలో ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు వాడికి గుర్తొచ్చేవాటిలో సగం ఇలాంటి ఒంటిగా గడిపిన పూటలే. పెద్ద గాలిపటం ఎగరేసుకుంటూ తిరిగిన మైదానం, పాటా పదమూ లేని కూనిరాగం తీసుకుంటూ ఊరికే నడిచిన నది ఒడ్డు, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు దూకి ఈదిన సన్నటి వాగు.

ఇంతలో బాఘా అనే పనివాడు వస్తాడు. అమ్మ పిలుస్తోంది, పద, అంటాడు. రానంటాడు ఫటిక్. బాఘా వాణ్ణి ఎత్తి చంకనేసుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నా వదలకుండా ఇంటికి మోసుకుపోతాడు. చదివేవాళ్ళకి నవ్వొచ్చే దృశ్యం ఇది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఠాగూర్ ఇలాంటిదే ఇంకొకటి కథ చివర పెట్టాడు.

పడవ దిగిన ఆ పెద్దమనిషి ఫటిక్ తల్లికి అన్నగారు, విశ్వంభర్ బాబు. చాలా ఏళ్ళు దూరదేశంలో ఉద్యోగం చేసి, ఈలోగా విధవరాలైన చెల్లెల్ని చూడ్డానికి వచ్చాడు. చెల్లెలు తన కష్టం చెప్పుకుంది. చిన్నవాడు బుద్ధిమంతుడు, పెద్దవాడే మాట వినడు, చదువు అబ్బదు. నేను కలకత్తా తీసుకెళ్ళి చదివిస్తాను అన్నాడు అన్న. ఫటిక్‌ని అడిగితే ఎగిరి గంతేశాడు. ఆ సంబరంలో తన గాలం, గాలిపటం, దారపు చరఖా అన్నీ తమ్ముడికి ఇచ్చేశాడు. ఊరికే కాదు, వంశపారంపర్య హక్కులతో సహా. ఆస్తి పంపకాలు చూస్తూ కూర్చునే జమీందారు కలంలోంచి వచ్చిన హాస్యం అది.

తెలుగువాళ్ళకి మేనమామ ఇల్లంటే మరో పుట్టిల్లు. చెవులు కుట్టించడం దగ్గర్నుంచి పెళ్ళిలో గంపలో కూర్చోబెట్టి ఎత్తుకురావడం దాకా అన్నిట్లోనూ మేనమామ ఉండాలి. ఆ లెక్కన ఫటిక్ వెళ్ళింది మంచి చోటికే. విశ్వంభర్ బాబు చెడ్డవాడు కూడా కాదు, నిజంగానే మేనల్లుడి మంచి కోరినవాడు. కానీ ఇంట్లో ఆయన భార్యకి అప్పటికే ముగ్గురు కొడుకులు. ఒక ఒరవడిలో నడిచిపోతున్న సంసారంలోకి, చెప్పాపెట్టకుండా, పదమూడేళ్ళ ముతక పల్లెటూరి కుర్రాణ్ణి తెచ్చి దింపాడు మొగుడు. ఆవిడకి చిరాకు పుట్టింది. ఈ కథలో అత్తయ్యని రాక్షసిగా చదివేవాళ్ళున్నారు. ఆవిడ మాటలు కఠినమే, కానీ అది రాక్షసత్వం కాదు, అడగకుండా నెత్తిన పడిన బరువు మీద కోపం. కథకి అసలు బలం ఇక్కడే ఉంది. ఒక పిల్లవాడు ఒంటరివాడు కావడానికి దుర్మార్గులెవరూ అక్కర్లేదు. ఎవరి పనుల్లో వాళ్ళు ఉంటే చాలు.

పదమూడు, పద్నాలుగేళ్ళ వయసు గురించి ఠాగూర్ ఇక్కడ కథ ఆపి మరీ ఒక పేరా రాశాడు. ఆ వయసు కుర్రాడు ఇంటికి అందమూ కాడు, పనికీ రాడు. ముద్దుగా మాట్లాడితే వేషాలంటారు, పెద్దవాడిలా మాట్లాడితే పొగరంటారు. బట్టలు ఉన్నట్టుండి పొట్టివైపోతాయి, గొంతు బొంగురుపోతుంది, అదేదో వాడు చేసిన తప్పన్నట్టు అందరూ చూస్తారు. సరిగ్గా ఆ వయసులోనే లోపల ప్రేమకోసం తపన ఎక్కువవుతుంది. పైకి అడగడానికి సిగ్గు. ఈ పేరా అర్థం కావడానికి బెంగాలీ రానక్కర్లేదు, ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లవాడుంటే చాలు.

బళ్ళో ఫటిక్ అందరికంటే మొద్దు. ప్రశ్న అడిగితే నోరు తెరుచుకుని చూస్తాడు. మేష్టరు కొడితే మోయలేని బరువెత్తిన గాడిదలా భరిస్తాడు. ఆటల గంట కొడితే కిటికీ దగ్గర నిలబడి దూరంగా ఇళ్ళ మేడపైకప్పులు చూస్తాడు. మధ్యాహ్నం ఎండలో ఏదో ఒక పైకప్పు మీద ఇద్దరు పిల్లలు ఆడుకుంటూ కనబడితే వాడి ప్రాణం లేచిపోతుంది. ఒకరోజు ధైర్యం చేసి మావయ్యని అడిగాడు, అమ్మ దగ్గరికి ఎప్పుడెళ్తానని. బడికి సెలవులివ్వనీ అన్నాడాయన. సెలవులు దసరాకి, కార్తీకంలో. ఇంకా చాలా రోజులున్నాయి.

ఇక్కడ ఫటిక్ పోగొట్టుకున్నది ఏమిటో లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అమ్మ దూరమైంది, అది అందరికీ కనబడేదే. దాంతోపాటు వాడికి ఒక్కడే కూర్చునే చోటు కూడా పోయింది. కలకత్తా ఇంట్లో నది ఒడ్డు లేదు, మునిగిన పడవ లేదు, గాలిపటం తమ్ముడికి ఇచ్చేశాడు. ఎటు చూసినా గోడలు, గోడల మధ్య మనుషులు, వాళ్ళ చూపుల్లో తను ఎక్కువైనవాడు. అంటే వాడు పట్నంలో ఒక్క పూటయినా ఏకాంతంగా లేడు. ఒక్క పూటయినా ఒంటరిగా లేకుండా లేడు.

ఈ రెండిటికీ తెలుగులో రెండు మాటలున్నాయి, వాటి వెనక రెండు వేర్వేరు లోకాలున్నాయి. ఏకాంతం అంటే మనకి దిగులు గుర్తురాదు. తిరుమలలో రాత్రి చివరి సేవ పేరు ఏకాంత సేవ. భక్తుల రద్దీ అంతా అయ్యాక, స్వామిని ఉయ్యాల మంచం మీద పడుకోబెట్టి అన్నమయ్య జోలపాట పాడే వేళ అది. వేంకట పార్వతీశ కవులు తమ కావ్యానికి 'ఏకాంతసేవ' అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరు కవులు కలిసి కూర్చుని ఏకాంతం గురించి కావ్యం రాశారంటే ఆ మాటలో ఎంత చోటుందో చూడండి. ఒంటరి అన్నది వేరు. గుంపునుంచి తెగిపోయిన పశువు, దారి తప్పిన బాటసారి గుర్తొస్తారు. వీటికి తోడు మూడో మాట ఒకటుంది, బెంగ. హాస్టల్లో చేరిన పిల్లవాడు అన్నం మానేస్తే, ఒళ్ళు వెచ్చబడితే, ఇంటిమీద బెంగ పెట్టుకున్నాడు అంటారు. బెంగ మనసుకి పట్టి ఒంట్లో బయటపడుతుంది. ఫటిక్‌కి పట్టింది అదే, దాని తెలుగు పేరు కథలో లేకపోయినా.

ఏకాంతం తీపిగా, ఒంటరితనం చేదుగా ఎందుకుంటాయన్న ప్రశ్నని పిల్లల వైద్యుడొకాయన చాలా దగ్గరగా చూశాడు. ఇంగ్లండుకి చెందిన డొనాల్డ్ వినికాట్ పిల్లల డాక్టరూ, మనస్తత్వ విశ్లేషకుడూ. ఆయన 1958లో ప్రచురించిన ఒక వ్యాసంలో చిత్రమైన మాట చెప్పాడు. ఒంటిగా ఉండగలగడం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకునేది, దాన్ని పిల్లలు మొదట నేర్చుకునేది తల్లి దగ్గర ఉండగానే అని.

ఇందులో వింతేమీ లేదు, మన వంటింట్లో రోజూ జరిగేదే. తల్లి పొయ్యి దగ్గర పులుసు కలుపుతూ ఉంటుంది. రెండేళ్ళ పిల్ల నేలమీద చతికిలబడి గిన్నెలూ మూతలూ ముందేసుకుని తన లోకంలో తను ఉంటుంది. తల్లి చూడదు, పిల్ల పిలవదు. మధ్యలో ఒక్కసారి తలెత్తి "అమ్మా" అంటుంది. "ఊఁ" అంటుంది తల్లి వెనక్కి తిరక్కుండానే. చాలు, పిల్ల మళ్ళీ మూతల్లో పడిపోతుంది. ఆ పావుగంటా పిల్ల ఒక్కతే ఆడుకుంది. ఆడుకోగలిగింది ఆ "ఊఁ" మీద నమ్మకంతో. పెద్దయ్యాక అమ్మ గదిలో లేకపోయినా ఆ నమ్మకం లోపల ఉంటుంది. అది ఉన్నంతకాలం ఒక్కడే ఉన్నా ఒంటరి కాడు అన్నది వినికాట్ వాదన సారం. ఆ "ఊఁ" రాని ఇంట్లో ఎంతమంది ఉన్నా ఆట సాగదు.

ఇప్పుడు నది ఒడ్డుకి వెనక్కి వెళ్తే బాఘా అర్థమవుతాడు. ఫటిక్ పడవమీద అంత నిశ్చింతగా రెల్లుకాడ నమలగలిగాడంటే, కాసేపట్లో ఎవరో ఒకరు తనని వెతుక్కుంటూ వస్తారని వాడికి తెలుసు. వచ్చేది తన్నడానికే కావచ్చు. తల్లి నిజంగానే కొట్టింది, వాడు తిరగబడి ఆవిణ్ణి తోశాడు కూడా. ఠాగూర్ ఆ తల్లిని దేవతగా చూపించలేదు. తమ్ముడి అబద్ధం నమ్మి అన్నని బాదే, పక్షపాతం ఉన్న తల్లి ఆవిడ. అయినా కలకత్తాలో రాత్రింబవళ్ళు వాడికి గుర్తొచ్చింది ఆ తల్లే. దెబ్బలు తిన్నచోట వాడు ఒంటరి కాలేదు. దెబ్బ కూడా లెక్కలో ఉన్నవాడికే పడుతుంది మరి.

ఠాగూర్‌కి ఇదంతా ఊహించి రాయాల్సిన అవసరం లేకపోయింది. పెద్ద జమీందారీ ఇంట్లో చివరి పిల్లల్లో ఒకడిగా 1861లో పుట్టిన ఆయన, చిన్నప్పుడు నౌకర్ల ఏలుబడిలో పెరిగాడు. 1912లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో శ్యామ్ అనే నౌకరు గురించి రాశాడు. శ్యామ్ పిల్లవాణ్ణి గదిలో ఒకచోట కూర్చోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాడు. గీత దాటితే ఆపదే అని వేలు చూపించి వెళ్ళిపోయేవాడు. రామాయణంలో గీత దాటిన సీతకి ఏమైందో అప్పటికే చదివి ఉన్నాడు కాబట్టి పిల్లవాడు దాటేవాడు కాదు. పక్కనే కిటికీ, కిటికీ కింద చెరువు, చెరువు గట్టున పెద్ద మర్రిచెట్టు. పొద్దున్నుంచీ అక్కడ స్నానానికి వచ్చేవాళ్ళని చూస్తూ కూర్చునేవాడు. ఒకాయన రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని గబగబా మునకలేసి వెళ్ళిపోయేవాడు. ఇంకొకాయన అసలు మునిగేవాడే కాదు, తువ్వాలు తడిపి నెత్తిమీద పిండుకునేవాడు. ఫటిక్ బడి కిటికీలోంచి మేడపైకప్పులు చూడడం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక వేరే చెప్పాలా.

ఆ పిల్లవాడికే పదకొండు దాటి పన్నెండో ఏడు వస్తున్నప్పుడు, 1873లో, ఒడుగు అయ్యాక తండ్రి దేవేంద్రనాథ్ హిమాలయాలకి తీసుకెళ్ళాడు. డల్హౌసీ దగ్గర కొండమీద ఇల్లు. తండ్రి తన ధ్యానంలో తను ఉండేవాడు. పిల్లవాడు ఇనుప మొన ఉన్న కర్ర పట్టుకుని ఒక కొండమీంచి ఇంకో కొండకి ఒక్కడే తిరిగేవాడు. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. పైగా తన బంగారు గడియారానికి కీ ఇచ్చే బాధ్యత వాడికి అప్పగించాడు. పిల్లవాడు ఉత్సాహంకొద్దీ ఇచ్చిన కీకి గడియారం చెడిపోయి బాగుచేతకి కలకత్తా పంపాల్సి వచ్చింది. కోప్పడలేదు. కలకత్తాలో సుద్దగీత మధ్య ఉన్నప్పుడూ వాడు ఒక్కడే, దేవదారు చెట్ల మధ్య తిరుగుతున్నప్పుడూ ఒక్కడే. రెండో చోట సాయంత్రం ఇంటికి వస్తాడని ఎదురుచూసే మనిషి ఉన్నాడు. తిరగడం తిరక్కపోవడం తన ఇష్టం.

ఆ ఇష్టం అన్న ముక్క ఎంత ముఖ్యమో వందేళ్ళ తర్వాత అమెరికాలో రీడ్ లార్సన్ అనే మనస్తత్వ పరిశోధకుడు లెక్క కట్టి చూశాడు. ఐదో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా దాదాపు 500 మంది పిల్లలకి వారంపాటు పేజర్లు ఇచ్చాడు. రోజులో ఎప్పుడుపడితే అప్పుడు అది మోగుతుంది. మోగగానే పిల్లలు ఆ క్షణంలో ఎవరితో ఉన్నారో, మనసెలా ఉందో చీటీమీద రాయాలి. 1997లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒక విషయం పెద్దల అంచనాకి ఎదురు నడిచింది. ఒక్కళ్ళే ఉన్న సమయంలో పిల్లలేమీ హుషారుగా లేరు. కానీ ఏడో తరగతి దాటినవాళ్ళు అలా కాసేపు గడిపి బయటికి వచ్చాక, మనసు తేలికపడినట్టు రాశారు. ఐదు, ఆరు తరగతుల పిల్లల్లో ఆ తేడా కనబడలేదు. పెద్దపిల్లలు ఒక్కళ్ళే ఉండడం ఎక్కువగా వాళ్ళకి వాళ్ళు కోరుకున్నది. ఒక్కళ్ళే ఉండే సమయం మరీ ఎక్కువైనవాళ్ళకంటే, అసలు లేనివాళ్ళకంటే, మధ్యస్తంగా ఉన్నవాళ్ళు బాగా నెగ్గుకొస్తున్నారని కూడా తేలింది. ఫటిక్ వయసు సరిగ్గా ఆ మలుపు దగ్గరిది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఏటా జూన్‌లో ఎంతోమంది ఫటిక్‌లు రేకుపెట్టెలు మోసుకుని కొత్త ఊళ్ళకి వెళ్తారు. గురుకులాల్లో చేరేది ఐదో తరగతిలో. పదో తరగతి అయ్యాక విజయవాడకో హైదరాబాద్‌కో రెసిడెన్షియల్ కాలేజీకి పంపే ఇళ్ళు కోకొల్లలు. ఈ పిల్లలకి తోడుకి కొదవ ఉండదు. గదిలో ఏడెనిమిది మంది, స్టడీ అవర్‌లో వందమంది, భోజనాల దగ్గర బారులు. అందుకే తల్లిదండ్రులు, అంతమంది పిల్లల మధ్య ఉన్నాడు, వాడికేం, అని నిశ్చింతగా ఉంటారు. విశ్వంభర్ బాబు అనుకున్నదీ ఇదే అయివుంటుంది. ఇంట్లో ముగ్గురు కుర్రాళ్ళున్నారు, కలిసిపోతాడని.

బెంగ ఎలా బయటపడుతుందో కథ చాలా కచ్చితంగా చూపిస్తుంది. ఫటిక్ ఎక్కడా ఏడవడు, ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యడు. మొదటి గుర్తు, సెలవుల తేదీ అడగడం. ఇప్పటి పిల్లవాడైతే ఆదివారం ఫోన్లో అమ్మ కూర గురించి చెబుతుంటే మధ్యలో, దసరాకి ఎన్నాళ్ళిస్తారట, అంటాడు. రెండోవారం మళ్ళీ అదే అడుగుతాడు. దాన్ని పెద్దవాళ్ళు సోమరితనం ఖాతాలో వేస్తారు. రెండో గుర్తు, వస్తువులు పోవడం. ఫటిక్ ఒకరోజు పాఠ్యపుస్తకం పోగొట్టుకున్నాడు. బళ్ళో రోజూ తన్నులు. మేనమామ కొడుకులు వీడు మా బంధువని చెప్పుకోవడానికే సిగ్గుపడి, అందరికంటే ఎక్కువగా వాళ్ళే నవ్వారు. చివరికి అత్తయ్య దగ్గరికెళ్ళి దొంగలా నిలబడి చెప్పాడు. నెలకి అయిదుసార్లు పుస్తకాలు కొనిపెట్టడం నావల్ల కాదంది ఆవిడ. పరాయివాళ్ళ డబ్బు దండగ చేస్తున్నానని వాడికి తలకొట్టేసినట్టయింది. తల్లిమీద అలిగాడు కూడా.

మూడోది అన్నిట్లోకీ ప్రమాదమైంది, జ్వరం దాచడం. ఆ రోజు బడినుంచి వచ్చాక తలనొప్పి, ఒళ్ళు వణుకు. ఇంట్లో ఉంటే ఎప్పుడైనా ఒళ్ళు వేడెక్కగానే అమ్మ ఒడిలో పడేవాడు. ఇక్కడ తన జబ్బు ఇంకొకళ్ళకి చాకిరీ అని వాడికి తెలిసిపోయింది. ఒక్కడే ఉండడానికీ, ఒంటరిగా ఉండడానికీ తేడా వాడు నేర్చుకున్నది ఈ రాత్రే. ఎవరూ మాటల్లో చెప్పలేదు, వాడూ మాటల్లో అనుకోలేదు. జ్వరం వచ్చిందని చెప్పడానికి ఇంటినిండా మనుషులున్న చోట ఒక్క మనిషి కనబడలేదు, అంతే. హాస్టళ్ళలో మొదటి నెలలో పిల్లవాడు ఒళ్ళు బాగాలేదని చెప్పకుండా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడంటే, వార్డెన్ చూడాల్సింది థర్మామీటర్ ఒక్కటే కాదు.

మర్నాడు పొద్దున ఫటిక్ కనబడలేదు. శ్రావణమాసపు వాన రాత్రినుంచీ ధారగా కురుస్తోంది. ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ వెతికించి, దొరక్క, విశ్వంభర్ బాబు పోలీసులకి చెప్పాడు. ఆ ఇంట్లో వాడి గురించి ఒకరు వెతకడానికి వాడు ముందు తప్పిపోవాల్సి వచ్చింది. సాయంత్రం వీధిలో మోకాలిలోతు నీళ్ళుండగా ఒక బండి వచ్చి ఆగింది. ఇద్దరు పోలీసులు ఫటిక్‌ని పట్టుకుని దింపారు. నఖశిఖపర్యంతం తడిసి, ఒళ్ళంతా బురద, కళ్ళు ఎర్రగా, గజగజ వణుకుతున్నాడు. మేనమామ ఎత్తుకున్నంత పని చేసి లోపలికి తీసుకెళ్ళాడు. కథ మొదట్లో ఇలాగే బాఘా మోసుకెళ్ళాడు వీణ్ణి. అప్పుడు కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ శక్తి లేదు. అప్పుడు మోసుకెళ్ళింది అమ్మ దగ్గరికి. ఇప్పుడు అమ్మ దగ్గరికి పోతుంటే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

ఠాగూర్ ఈ కథ రాసిన తొమ్మిదేళ్ళకి, 1901 డిసెంబరులో, శాంతినికేతన్‌లో సొంతంగా బడి పెట్టాడు. మొదట్లో విద్యార్థులు అయిదుగురే. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు ఉండే బడి అది. అక్కడ పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట ప్రతి పిల్లవాడూ ఆరుబయట ఒక్కడే నిశ్శబ్దంగా కూర్చోవాలన్న ఏర్పాటు చేశాడు. ధ్యానం చేస్తున్నారా లేదా అని తనిఖీ ఉండదు. దేవుణ్ణి తలుచుకోకుండా చెట్లెక్కే ఉడుతల్ని చూస్తూ కూర్చున్నా ఫరవాలేదని తన ఉపన్యాసంలో చెప్పాడు. అంతమంది పిల్లల మధ్య పెరిగే పిల్లవాడికి రోజుకి అరగంట మునిగిన పడవ అంచు లాంటిది ఇవ్వాలని ఆయనకి తోచింది. ఇప్పటి మన రెసిడెన్షియల్ టైంటేబుళ్ళలో తెల్లవారుజామునుంచి రాత్రి దాకా గడులన్నీ నిండే ఉంటాయి. ఉడుతల గడి ఎక్కడా కనబడదు.

కథ ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు, 1916లో వచ్చిన సంపుటిలో, దాని పేరు మారింది. 'ఛుటి' కాస్తా 'ఇంటికి తిరిగిరావడం' అన్న అర్థమొచ్చే పేరయింది. బహుశా తప్పలేదు, ఇంగ్లీషులో బడి సెలవుకి వాడే మాటకి ఇంకో అర్థం లేదు మరి. తెలుగువాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. బడికి ఇచ్చేది సెలవు, వెళ్ళొస్తానంటూ పెద్దవాళ్ళ దగ్గర తీసుకునేదీ సెలవు, ఇక ఈ లోకంనుంచి అన్నా సెలవే. బెంగాలీ మాటలోనూ విడుదల అన్న ఛాయ ఉంది. కథంతా ఒక అర్థంలో వాడుతూ వచ్చిన ఆ మాటని ఠాగూర్ చివరి వాక్యంలో రెండో అర్థంలోకి తిప్పుతాడు.

దానికి ముందు ఫటిక్ జ్వరం సంధిలో లెక్కలు అప్పజెబుతుంటాడు. పల్లెనుంచి కలకత్తా వచ్చేటప్పుడు దారిలో కొంతదూరం స్టీమరు ఎక్కాడు. స్టీమరు మీద ఖలాసీలు తాడు నీళ్ళలోకి వదిలి, ఎన్ని బారల లోతుందో పాటలా కేకేస్తూ చెప్పడం కొత్తగా, వింతగా విన్నాడు. సంధిలో అదే గొంతుతో అదే రాగం తీస్తాడు. ఎన్ని బారలు వదిలినా తాడుకి అడుగు తగలడం లేదంటాడు. డాక్టరు వస్తాడు, పరిస్థితి బాగాలేదంటాడు. మేనమామ మంచం పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంటాడు. సెలవులిచ్చేశారా అని వాడు అడుగుతూంటాడు. ఇంతలో గాలివానలా తల్లి గదిలోకి వచ్చి, పెద్దగా ఏడుస్తూ వాడిమీద పడుతుంది. ఈసారి బాఘాని పంపలేదు, తనే వచ్చింది. ఫటిక్ ఎవరి మొహమూ చూడకుండా, మెల్లగా పక్కకి తిరిగి, తనకి సెలవులిచ్చేశారనీ, ఇంటికి వెళ్ళిపోతున్నాననీ అమ్మతో చెబుతాడు.

కథ అక్కడ ఆగిపోతుంది. గాలిపటం, గాలం, దారపు చరఖా ఊళ్ళో మాఖన్ దగ్గరే ఉన్నాయి.